ఆరు గళ్ళ లెక్కల పజిల్: 2÷, 3−, 1− ఒకే వరసలో వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

సుధ_గాజువాక

అందరికీ నమస్కారం. ఆరు అడ్డం, ఆరు నిలువు ఉన్న కెన్‌కెన్ రకం లెక్కల గళ్ళ పజిల్ ఒకటి ముందు పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి అడ్డు, నిలువు వరసలో 1 నుంచి 6 దాకా ఒక్కోసారి రావాలి. గీత గీసి కలిపిన గళ్ళ గుంపుని కేజ్ అంటారు. 2÷ అంటే ఆ కేజ్‌లోని అంకెల్ని భాగిస్తే 2, 3− అంటే తీసివేస్తే 3, 12× అంటే గుణిస్తే 12 రావాలి. ఒక్క గడిలో కూడా అంకె ముందే ఇవ్వలేదు. పై అడ్డు వరసలో మూడు కేజ్‌లు, ఒక్కో దాంట్లో రెండేసి గళ్ళు ఉన్నాయి:

```
| 2÷  2÷ | 3−  3− | 1−  1− |
```

ఎడమ చివరి నిలువు వరసలో పై గడి ఈ 2÷ కేజ్‌దే. దాని కింద రెండు గళ్ళు 3÷, ఆ కింద రెండు గళ్ళు 2−. అట్టడుగు గడి తన కుడి పక్క గడితో కలిసి 12×.

ప్రతి కేజ్‌కి ఏయే జతలు కుదురుతాయో రాశాను. 1−కి ఐదు జతలు, 3−కి మూడు, 2÷కి మూడు. చిన్న అంకెలతో గళ్ళన్నీ నిండిపోయాయి కానీ ఒక్కటీ తేలలేదు. జాబితా రాయడం వరకు వచ్చు. రాశాక దాంతో ఏం చేయాలన్నదే నా ప్రశ్న.

షిప్‌యార్డ్_కిరణ్

సుధ గారూ, అన్నీ రాయకండి, పేపర్ చిరిగిపోతుంది. 1− లాంటివి ఎప్పుడూ ఆఖరికే. భాగహారాలు ముందు పట్టుకోండి, వాటికి జతలు తక్కువ. 2÷ అంటే 1-2, 2-4, 3-6. 3÷ అంటే 1-3, 2-6. అంతే. ఇంకో చిట్కా, భాగహారం కేజ్‌లో 5 రానే రాదు. పై వరసలో 2-4 వేసి చూడండి, కుదరకపోతే చెరిపేసి ఇంకోటి. నేనైతే సిటీ బస్సులో సింహాచలం చేరేలోపు ఇలాగే కానిచ్చేస్తాను.

మద్దిలపాలెం_మాస్టారు

కిరణ్ బాబూ, 2÷, 3÷లో 5 రాదన్నది నిజమే. కానీ "భాగహారంలో రానే రాదు" అంటే తప్పవుతుంది. 5÷ అని ఇస్తే 1-5 తప్ప ఇంకేమీ ఉండదు కదా. ఆరు గళ్ళ పజిల్‌లో 4÷, 5÷, 6÷ మూడూ ఒక్కో జతవే. అవి కనబడితే కళ్ళు మూసుకుని రాసేయొచ్చు, ఏ అంకె ఏ గడిలో అన్నది తర్వాత చూసుకోవచ్చు.

సుధ గారి ఇబ్బంది వేరు. ఆవిడ జాబితాలు సరిగ్గానే రాశారు. ఒక కేజ్ జాబితాని ఆ కేజ్ వరకే చదివితే ఏమీ తేలదు. వరసలో 1 నుంచి 6 దాకా అన్నీ ఒక్కోసారి రావాలి. అందుకే జాబితాలో ఏముందో చూసినంత శ్రద్ధగా ఏం లేదో కూడా చూడాలి. 2÷లో 5 లేదు. 4−లో 3, 4 లేవు, ఎందుకంటే 1-5, 2-6 మాత్రమే కుదురుతాయి. 3−లో అన్నీ ఉన్నాయి, కానీ ఒక్కో అంకెకీ ఒకే తోడు: 1కి 4, 2కి 5, 3కి 6. అంటే ఒక గడి తెలిస్తే రెండోది దానంతటదే వచ్చేస్తుంది. 1−లో ఆ సుఖం లేదు. 3 ఉందంటే పక్కన 2 ఉండొచ్చు, 4 ఉండొచ్చు.

పెందుర్తి_అమ్మ

మా బాబుకి కూడా ఇదే సమస్య అండీ. ట్యూషన్‌లో ఇలాంటి పజిల్ ఇచ్చారు. 3− కేజ్‌లో వాడు ఎడమ గడిలో 3, కుడి గడిలో 6 రాశాడు. "3 లోంచి 6 పోతే మైనస్ 3 కదా" అని తప్పు పెట్టేశారట. వాడు ఏడుపు మొహంతో ఇంటికొచ్చాడు. ఎడమ నుంచే తీసివేయాలా? సుధ గారికి కూడా అక్కడే తేడా కొట్టిందేమో.

సుధ_గాజువాక

లేదండీ, నాకు ఆ అనుమానం లేదు. పెద్దది ఎటువైపు ఉన్నా ఫరవాలేదనే అనుకుంటున్నాను. మీ బాబుది కరెక్టే అనుకుంటా, మాస్టారు చెప్పాలి.

మద్దిలపాలెం_మాస్టారు

అమ్మా, మీ బాబు రాసింది సరైనదే. తీసివేతకీ భాగహారానికీ వరస ఉండదు. పెద్ద దాంట్లోంచి చిన్నది తీయాలి, పెద్ద దాన్ని చిన్నదాంతో భాగించాలి. ఎడమ-కుడి, పైన-కింద పట్టింపు లేదు. నిలువుగా ఉన్న కేజ్ చూపించి "ఇక్కడ ఎడమ ఏది సార్?" అని అడగమనండి, సరిపోతుంది.

ఇక సుధ గారి పై వరస. నేను చేసే పద్ధతి సరి-బేసి. ఆరు అంకెల మొత్తం 21, బేసి. రెండు అంకెల తేడా బేసి అయితే వాటి మొత్తం కూడా బేసే అవుతుంది. 3−లో ఉన్న రెండు అంకెల మొత్తం బేసి. 1−లోనూ బేసే. రెండు బేసులు కలిస్తే సరి. మొత్తం 21 రావాలంటే మిగిలిన 2÷ కేజ్ మొత్తం బేసి కావాలి. 1-2 మొత్తం 3, 3-6 మొత్తం 9, రెండూ సరిపోతాయి. 2-4 మొత్తం 6. అది పోయింది. కిరణ్ బాబు వేసి చూడమన్నది సరిగ్గా అదే జత.

ఇక రెండే మిగిలాయి. 2÷లో 3-6 పెడితే వరసలో 1, 2, 4, 5 మిగులుతాయి. 3−కి 1-4 తీసుకుంటే చివరికి 2-5 మిగులుతుంది, తేడా 3. 2-5 తీసుకుంటే 1-4 మిగులుతుంది, మళ్ళీ తేడా 3. చివరి కేజ్‌కి 1 రావాలి కాబట్టి ఇదీ పోయింది. కాబట్టి 2÷లో 1-2. మిగిలిన 3, 4, 5, 6లో మూడు తేడా వచ్చేది 3-6 ఒక్కటే. చివర 4-5.

సుధ_గాజువాక

అబ్బ! పదకొండు జతల్లోంచి మూడే మిగిలాయి. అంకెలు ఏ గడిలో ఏదో ఇంకా తేలకపోయినా, ఈ వరసలో ఏ కేజ్‌కి ఏ జతో ఖాయమైపోయింది కదా.

షిప్‌యార్డ్_కిరణ్

మాస్టారూ, సరి-బేసి తీసివేతకి సరే. భాగహారానికి ఎలా పనికొస్తుంది? 2÷లో మొత్తం ఒకసారి బేసి, ఒకసారి సరి. దానికి రూలేమీ లేదు కదా. పైగా నా పద్ధతిలో కూడా వస్తుంది, చూడండి. 5 ఎక్కడుంటుంది అని అడిగాను. 2÷లో ఉండదు. 3−లో ఉంటే 2-5. అప్పుడు 2 అయిపోయింది కాబట్టి 2÷కి 3-6 ఒక్కటే దిక్కు. మిగిలేది 1-4, తేడా 3. కుదరలేదు. కాబట్టి 5 ఉండేది 1−లోనే. 5-6 అయితే 1, 2, 3, 4 మిగులుతాయి. వాటిలో 2÷ ఎలా తీసినా 3− రాదు. 1-2 తీస్తే 3-4 మిగులుతుంది, 2-4 తీస్తే 1-3 మిగులుతుంది. కాబట్టి 4-5. ఆపైన మీ జవాబే. సరి-బేసి అక్కర్లేకుండానే అయిపోయింది.

మద్దిలపాలెం_మాస్టారు

భేషుగ్గా ఉంది, ఒప్పుకుంటాను. అంటే ఇందాక "వేసి చూడండి" అన్న దానికంటే ఇది నూరు రెట్లు మేలు. "5 ఎక్కడ" అన్న ప్రశ్న ఊరికే గుడ్డిగా వేసింది కాదు.

భాగహారంలో సరి-బేసి గురించి. 2÷ అంటే మీరన్నట్టు ఖచ్చితంగా చెప్పలేం. కానీ 3÷ చూడండి. 1-3 మొత్తం 4, 2-6 మొత్తం 8. ఎప్పుడూ సరే. 5÷ కూడా అంతే, 1-5 మొత్తం 6. బేసి సంఖ్యతో గుణించినప్పుడు సరి సరిగానే, బేసి బేసిగానే ఉంటుంది. కాబట్టి రెండు గళ్ళూ ఒకే రకం. పెద్ద పజిల్‌లో 7÷ వచ్చినా ఇదే మాట. 4÷, 6÷ వస్తే ఆరు గళ్ళ వాటిలో 1-4, 1-6, మొత్తం బేసి. ఊగిసలాట అంతా 2÷ దగ్గరే. దాని ఊగిసలాటే పై వరసలో మనకి పనికొచ్చింది. మిగతా రెండు కేజ్‌లు ఖాయంగా ఉన్నాయి కాబట్టి అది ఎటు తూగాలో అవే చెప్పాయి.

స్వాతి_ఎంవీపీ

సుధ గారూ, నిలువు వరస చేశారా? దానికి కిరణ్ గారి పద్ధతే బాగా పనిచేస్తుంది అనిపిస్తోంది. సరి-బేసితో మొదలుపెడితే సగం దూరమే వెళ్తారు. పై గడీ, అట్టడుగు గడీ రెండూ వేరే వరసల్లోకి పోయే కేజ్‌ల ముక్కలు. 3÷ మొత్తం సరి, 2− మొత్తం సరి. కాబట్టి ఆ రెండు చివరి గళ్ళూ కలిపితే బేసి అని మాత్రం తెలుస్తుంది. అది నిజమే, కానీ ఇంకా చాలా మిగిలి ఉంటుంది.

అలా కాకుండా 5 ఎక్కడుందో అడగండి.

సుధ_గాజువాక

ఆగండి, చెప్పకండి. నేనే చేస్తాను.

పై గడిలో 1 గానీ 2 గానీ ఉండాలి, కాబట్టి అక్కడ 5 లేదు. 3÷లో 1-3, 2-6 మాత్రమే, అక్కడా లేదు. అట్టడుగు గడి 12×ది. రెండు గళ్ళ గుణకారం 12 అంటే 2-6 లేదా 3-4. అక్కడా లేదు. ఇక మిగిలింది 2− ఒక్కటే! అందులో 5కి తోడు 3 మాత్రమే, ఎందుకంటే 7 లేదు కదా. కాబట్టి 2−లో 3-5.

3 వాడేశాం కాబట్టి 3÷లో 1-3 పోయింది. 2-6 మిగిలింది. 2 వాడేశాం కాబట్టి పై గడిలో 1. ఇక నిలువు వరసలో మిగిలింది 4. అది అట్టడుగున. దాని పక్కన 3.

పై గడిలో 1 అంటే దాని పక్కన 2. ఇది నిజంగా నేనే చేశానా!

పెందుర్తి_అమ్మ

చాలా బాగుంది కదేటి! మా బాబుకి చదివి వినిపించాను. "అయితే ఏ వరసలోనైనా ముందు 5నే వెతకాలా?" అంటున్నాడు.

స్వాతి_ఎంవీపీ

ఆరు గళ్ళ దాంట్లో భాగహారాలు ఎక్కువుంటే 5నే. గుణకారాల్లో కూడా దాని జాడ సులువుగా తెలుస్తుంది. లక్ష్యం 5తో భాగించబడకపోతే ఆ కేజ్‌లో 5 ఉండదు. 12×లో అదే జరిగింది. కానీ ఎప్పుడూ 5 అని బట్టీ పట్టించకండి. వరసలో రెండు 4− కేజ్‌లు ఉన్నాయనుకోండి, ఒకటి 1-5, ఇంకోటి 2-6. అప్పుడు మిగిలిన రెండు గళ్ళకీ 3, 4 అని వెంటనే తెలిసిపోతుంది. అక్కడ 5ని వెతకాల్సిన పనే లేదు.

తొమ్మిది గళ్ళ పజిల్‌కి వెళ్తే 5 తోపాటు 7 కూడా ఇలాగే ఒంటరిది. 2÷లో 1-2, 2-4, 3-6, 4-8. 3÷లో 1-3, 2-6, 3-9. 4÷లో 1-4, 2-8. వీటిలో ఎక్కడా 5 లేదు, 7 లేదు. 5కి 5÷ ఒక్కటే దారి, 7కి 7÷ ఒక్కటే. 9 మాత్రం 3÷లో 3తోనూ 9÷లో 1తోనూ వస్తుంది. అక్కడ 1− అంటే ఎనిమిది జతలు, వాటిని రాసే ఓపిక నాకు లేదు. 1− కేజ్‌ని నేను ఖాళీగానే వదిలేస్తాను. ఒక గడి సంగతి తేలాక వెనక్కి వస్తాను.

కొత్తరోడ్డు_అప్పారావు

నా ప్రశ్న ఇక్కడ అడగొచ్చో లేదో. రిటైరయ్యాక ఫోన్‌లో ఇవే ఆడుకుంటున్నాను. నా యాప్‌లో ఎల్ ఆకారంలో మూడు గళ్ళ కేజ్ ఉంది, 1− అని ఇచ్చాడు. మూడు గళ్ళకి తీసివేత ఏమిటి? నేను 5, 2, 2 వేస్తే ఒప్పుకుంది. ఒకే కేజ్‌లో రెండు 2లు ఎలా వస్తాయి? సుడోకులో కేజ్ గీసిన రకం ఉంటుంది కదా, అందులో అయితే ఒకే అంకె రెండుసార్లు రాకూడదు.

స్వాతి_ఎంవీపీ

అప్పారావు గారూ, సుడోకులోని కేజ్ రూలు ఇక్కడ లేదు. ఇక్కడ కేజ్‌లో అంకె రెండోసారి రావచ్చు, ఒకే అడ్డు వరసలోగానీ ఒకే నిలువు వరసలోగానీ రాకూడదు, అంతే. ఎల్ ఆకారంలో మూల గడి మిగతా రెండింటితోనూ వరస పంచుకుంటుంది. కాబట్టి ఒకే అంకె రావాలంటే రెండు చివర్లలోనే రావాలి. మీ 5, 2, 2లో 5 మూలలో ఉండి ఉండాలి. చూసుకోండి.

కొత్తరోడ్డు_అప్పారావు

అవును, మూలలోనే ఉంది. మీరు చూడకుండానే చెప్పేశారు!

స్వాతి_ఎంవీపీ

మూడు గళ్ళ 1− అంటే మామూలుగా అతి పెద్దదాంట్లోంచి మిగతా రెండూ తీస్తే 1 రావాలి. మూడూ ఒకే గీతలో ఉంటే ఆరు గళ్ళ పజిల్‌లో నాలుగే మార్గాలు: 4-1-2, 5-1-3, 6-1-4, 6-2-3. ఎల్ ఆకారం అయితే ఇంకో రెండు కలుస్తాయి: 3-1-1, 5-2-2. ఆ రెండింటిలో పెద్ద అంకె మూలలోనే. మాస్టారి సరి-బేసి ఇక్కడ కూడా పనిచేస్తుంది. తీసివేసినా కూడినా సరి-బేసి మారదు కాబట్టి మూడు గళ్ళ మొత్తం బేసే అవుతుంది.

షిప్‌యార్డ్_కిరణ్

ఇది నేను ఒప్పుకోను. తీసివేత, భాగహారం రెండు గళ్ళకే ఉండాలి. మూడు గళ్ళకి ఇస్తే అది అసలు ఆట కాదు, యాప్ వాడు సొంతంగా కల్పించింది.

మద్దిలపాలెం_మాస్టారు

అసలుది అంటే ఏది అన్న దగ్గర పేచీ. జపాన్‌లో టెట్సుయా మియామోటో అనే లెక్కల మాస్టారు 2004లో తన విద్యార్థుల కోసం ఈ పజిల్ తయారు చేశాడు. కెన్‌కెన్ పేరుతో లండన్‌లోని టైమ్స్ పత్రికలో 2008లో, న్యూయార్క్ టైమ్స్‌లో 2009లో మొదలైంది. ఆ లెక్కన చూస్తే తీసివేత, భాగహారం రెండు గళ్ళకే ఉండేది. కానీ కెన్‌కెన్ అన్నది ట్రేడ్‌మార్క్ పేరు. అందుకని మిగతా యాప్‌లు కాల్కుడోకు, మ్యాథ్‌డోకు అని వేరే పేర్లు పెట్టుకున్నాయి. పేరు వేరైనప్పుడు రూలు కూడా కొంచెం వేరు పెట్టుకున్నారు. తప్పు పట్టడానికేముంది.

షిప్‌యార్డ్_కిరణ్

తప్పు పట్టడం లేదు మాస్టారూ. కానీ రూలు ఎక్కడా రాయకుండా వదిలేస్తున్నారు, అదీ నా గోల. "పెద్దదాంట్లోంచి మిగతావన్నీ" అని స్వాతి గారు అన్నారు. నేను ఆడిన ఒకదాంట్లో అలా కాదు. మూడు గళ్ళ 2−లో 4, 1, 5 ఒప్పుకుంది. 5 లోంచి 4, 1 పోతే సున్నా వస్తుంది, 2 ఎక్కడిది? 5−4+1 అని లెక్క వేసిందో ఏమో!

స్వాతి_ఎంవీపీ

అలా ఒప్పుకునే యాప్ నేను చూడలేదు. మీ దాంట్లో ఆ కేజ్ గీత సరిగ్గా కనబడకుండా పక్క గడి కూడా కలిసి చూశారేమో. పొడవైన కేజ్‌ల దగ్గర ఆ గీతలు సన్నగా ఉంటాయి, చిన్న ఫోన్‌లో మరీను.

షిప్‌యార్డ్_కిరణ్

గీత బాగానే ఉంది. స్క్రీన్‌షాట్ దొరికితే పెడతాను.

కొత్తరోడ్డు_అప్పారావు

మూడు గళ్ళ భాగహారం కూడా ఉందా అయితే?

స్వాతి_ఎంవీపీ

కొన్నింటిలో ఉంటుంది. పెద్దదాన్ని మిగతా రెండింటితో వరసగా భాగించాలి. ఆరు గళ్ళలో మూడు గళ్ళ 2÷ ఒకే గీతలో ఉంటే రెండే దారులు. చిన్నవి రెండూ గుణిస్తే పెద్దదాంట్లో సగం రావాలి కాబట్టి 4-1-2, 6-1-3. ఎల్ ఆకారం అయితే 2-1-1 కూడా. ఇలాంటి కేజ్ కనబడితే అక్కడే మొదలుపెట్టండి. భయంగా కనబడుతుంది కానీ రెండు గళ్ళ 2÷ కంటే అదే మెత్తన, ఎందుకంటే 1 అందులో తప్పకుండా ఉంటుంది.

సుధ_గాజువాక

నా పజిల్‌లో ఇప్పుడు అట్టడుగు వరస దగ్గర ఉన్నాను. 4, 3 పడ్డాయి. వాటి కుడి పక్క రెండు గళ్ళు 5−, ఆఖరి రెండు గళ్ళూ 3−. 5− అంటే 1-6 ఒక్కటే కాబట్టి మిగిలింది 2-5. తేడా 3. సరిపోయింది. కానీ 1 ఎటు, 6 ఎటు అన్నది తెలియడం లేదు.

మద్దిలపాలెం_మాస్టారు

పై వరసలో 3-6 పడింది మూడు, నాలుగు గళ్ళలోనే కదా? ఆ రెంటిలో 6 ఏ నిలువు వరసలో ఉంటే అట్టడుగున 6 దాని పక్క వరసలో ఉండాలి. ఆ రెండు వరసల మధ్యలో ఏయే కేజ్‌లు ఉన్నాయో రాయండి, చూద్దాం.

సుధ_గాజువాక

మూడో నిలువు వరసలో పై నుంచి రెండో గడి, మూడో గడి కలిపి 2÷. నాలుగో నిలువు వరసలో అవే స్థానాల్లో 1−. మిగతావి మూలలు తిరిగిన కేజ్‌లు, ఇక్కడ రాయడం కష్టం. కాగితం మీద గీసి ఫోటో తీసి పెడతాను.

షిప్‌యార్డ్_కిరణ్

కేజ్ గీతలు స్కెచ్ పెన్నుతో గీయండి సుధ గారూ, పెన్సిల్‌తో గీస్తే ఫోటోలో కనబడవు.